కొత్త సినిమాకి టాక్ వచ్చేదాకా ఆగాలా, హైప్‌ని నమ్మి వెళ్లిపోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద సినిమా వచ్చిన ప్రతిసారీ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. గురువారం "బుక్ చేసేయమంటావా, ఆగమంటావా?" అని మొదలై, శనివారం రాత్రికి "ముందే చెప్పొచ్చు కదరా" దగ్గర ఆగుతుంది. నేను సినిమా వ్యాపారంలో ఉన్నవాణ్ణి కాదు. తెనాలిలో పెరిగి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, వారానికో సినిమా చూసే మనిషిని. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారని ఇక్కడ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## విడుదలకు ముందు

ట్రైలర్ అదిరింది, పాటలు హిట్టయ్యాయి. ఇంకా ఆగడం ఎందుకు?

ట్రైలర్ రెండున్నర నిమిషాలు, సినిమా రెండు గంటల ముప్పావు. కెమెరా ఎలా ఉంది, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ ఎలా ఉంది, డబ్బు ఎంత పోశారు అన్నవి ట్రైలర్‌లో తెలిసిపోతాయి. తెలియనిదల్లా ఇంటర్వెల్ తర్వాత కథ నిలబడిందా లేదా అన్నదే. మన సినిమాల్లో ఎక్కువ పోయేది అక్కడే.

నేను ట్రైలర్‌లో ఒకటే వెతుకుతాను: ఇద్దరు మనుషులు కనీసం ఎనిమిది, పది సెకన్లు ఆగకుండా మాట్లాడుకునే ముక్క. అది ఉంటే డైలాగ్ ఎలా రాశారో, నటులు దాన్ని ఎలా పలికారో కొంత అంచనా దొరుకుతుంది. మొత్తం స్లోమోషన్ నడకలూ, గాల్లోకి లేచే కార్లూ అయితే దాన్నిబట్టి బాగుంటుందనీ చెప్పలేం, బాగోదనీ చెప్పలేం. ఇక హిట్ పాట గ్యారంటీ ఇచ్చేది ఆ నాలుగు నిమిషాలకే.

మరి హైప్‌ని అసలు ఎప్పుడు నమ్మొచ్చు?

ఆ మాట తప్పయితే ఎవరికి నష్టం అని చూడండి. ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో "ఈ సినిమా మీ ఊహకి అందదు" అన్నవాళ్లకి, అది అబద్ధమైనా పోయేదేమీ లేదు. కానీ కొన్నిసార్లు మాట తప్పితే చెప్పినవాళ్లే నష్టపోయే పరిస్థితి ఉంటుంది. అలాంటప్పుడు నేను నమ్ముతాను.

ఒకటి, విడుదలకు ముందే సినిమాని మామూలు జనానికి చూపించడం. 2022లో 'మేజర్' జూన్ 3న విడుదలైతే, అంతకు వారానికి పైగా ముందు నుంచే దేశంలో పలు నగరాల్లో ప్రివ్యూలు వేశారు. సినిమా బాగోకపోతే విడుదల రోజుకి ఆ వార్త ఊరంతా పాకిపోయేది. 2025 మార్చిలో 'కోర్ట్' సినిమాని సమర్పించిన నాని స్టేజీ మీద ఇంకో పందెం కాశాడు. ఇది మీకు నచ్చకపోతే తర్వాత రాబోయే నా 'హిట్ 3' చూడొద్దు అన్నాడు. సొంత సినిమాని తాకట్టు పెట్టినట్టే కదా!

రెండోది, వేరేచోట ఆడి గెలిచి మన దగ్గరికి వచ్చిన సినిమా. 'కాంతార' కన్నడంలో 2022 సెప్టెంబర్ 30న వచ్చింది, తెలుగు డబ్బింగ్ అక్టోబర్ 15న. ఆ రెండు వారాల్లో బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్లే చూసి ఇక్కడికి ఫోన్లు చేశారు. 2024లో 'ప్రేమలు' మలయాళంలో ఫిబ్రవరిలో ఆడేసి మార్చిలో తెలుగులోకి వచ్చింది. అలాంటి హైప్‌ని పీఆర్ టీమ్ తయారు చేయలేదు, టికెట్ కొని చూసినవాళ్లు తయారు చేశారు. ఒకేరోజు అయిదు భాషల్లో దిగే సినిమాలకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ ముందు చూసినవాళ్లంటూ ఎవరూ ఉండరు.

పెయిడ్ ప్రీమియర్లు వేస్తున్నారంటే సినిమా మీద నమ్మకం ఉన్నట్టేనా?

టికెట్ రేటు చూసి చెప్పాలి. కొత్తవాళ్ల సినిమాకి ముందురోజు సాయంత్రం మామూలు రేటుకే షోలు పెట్టారంటే వాళ్లకి కావలసింది మన డబ్బు కాదు, మన నోటి మాట. అది నమ్మకమే. పెద్ద హీరో సినిమాకి రేటు పెంచి ముందురోజు రాత్రి షోలు వేస్తే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. టాక్ ఎలా ఉన్నా, అది బయటికి వచ్చేలోపే ఆ డబ్బు వచ్చేస్తుంది.

"సెన్సార్ టాక్ అదిరిపోయింది" అంటున్నారు. అది కూడా టాకే కదా?

కాదు. సెన్సార్ సభ్యులు బయటికొచ్చి సినిమా ఎలా ఉందో చెప్పరు, అది వాళ్ల పని కాదు. సర్టిఫికెట్‌లో మనకి పనికొచ్చేవి రెండే: నిడివి, వయసు గుర్తు. 2024 చివరి నుంచి యూఏలో 7+, 13+, 16+ అని విడివిడిగా ఇస్తున్నారు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు అది చూసుకుంటే చాలు.

రేట్లు పెంచారు. ఆగితే నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయి, అదీ ముందే రాసిపెట్టిన తేదీల ప్రకారం. పెంపుకి ప్రభుత్వం ఇచ్చే జీవోలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎంతో ఉంటుంది. తెలంగాణలో 'పుష్ప 2' జీవోనే చూద్దాం. అక్కడ మల్టీప్లెక్స్ మామూలు టికెట్ జీఎస్టీతో కలిపి 295 రూపాయలు. 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్‌కి అది 1,239 అయింది. 5 నుంచి 8 వరకు 531. 9 నుంచి 16 వరకు 472. 17 నుంచి 23 వరకు 354. ఆ తర్వాత మళ్లీ 295.

నలుగురున్న ఇంటికి లెక్కేయండి. ప్రీమియర్‌కి 4,956, మొదటి వీకెండ్‌లో 2,124, 17 నుంచి 23 వరకు 1,416. బుకింగ్ ఫీజు, పాప్‌కార్న్ వీటిలో కలపలేదు. ఆ సినిమా విషయంలో హైప్ అబద్ధం కాలేదు, జనం వారాల తరబడి చూశారు. ఆగినవాళ్లూ అదే సినిమాని అదే తెర మీద చూశారు. కాబట్టి "ఆగుదాం" అనడమంటే సినిమా మీద అనుమానం అని ప్రతిసారీ అనుకోనక్కర్లేదు, నెలాఖరు కూడా కావచ్చు.

## ప్రీమియర్ల రాత్రి, మొదటి రోజు

అమెరికా ప్రీమియర్ల టాక్ ఎంతవరకు నమ్మాలి?

చలికాలంలో డల్లాస్‌లో గురువారం సాయంత్రం ఆరింటికి షో పడితే మనకి శుక్రవారం తెల్లవారి అయిదున్నర. ఏడు దాటేసరికి "ఫస్టాఫ్ పర్లేదు, ఇంటర్వెల్ అదిరింది" వచ్చేస్తుంది, ఎనిమిదిన్నరకి మొత్తం టాక్. మనం పళ్లు తోముకునేలోపు తీర్పు అయిపోతుందన్నమాట.

వాళ్లు చెప్పేది అబద్ధమని కాదు. అయితే అక్కడ ప్రీమియర్‌కి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మన నగరాల నుంచి వెళ్లిన చదువుకున్న కుర్రాళ్లు, పాతికేళ్ల నుంచి నలభైలోపు వాళ్లు. టికెట్‌కి మామూలు కంటే ఎక్కువ పెట్టి, చాలా దూరం డ్రైవ్ చేసి మరీ వస్తారు. లవ్ స్టోరీలు, థ్రిల్లర్లు, తెలివిగా రాసిన కామెడీల విషయంలో వాళ్ల మాట బాగా కుదురుతుంది. పల్లెటూరి మాస్ సినిమాకి, ఇంటిల్లిపాదీ నవ్వుకునే గోల కామెడీకి వాళ్లు "రొటీన్" అని పెదవి విరిస్తే నేను అంతగా పట్టించుకోను. "సెకండాఫ్ ల్యాగ్" అని నలుగురైదుగురు విడివిడిగా అంటే మాత్రం పట్టించుకుంటాను. బోర్ కొట్టడం డల్లాస్‌లోనూ దాచేపల్లిలోనూ ఒకేలా ఉంటుంది.

పొద్దున్నే "డిజాస్టర్" అంటారు, సాయంత్రానికి "బాగానే ఉంది" అంటారు. ఎవరి మాట వినాలి?

ఒకే సినిమాని రెండు రకాల జనం చూస్తారు. పొద్దున ఆటలకి వెళ్లేది ఫ్యాన్స్, వాళ్లని ఏడిపించడానికి వెళ్లే అవతలి హీరో ఫ్యాన్స్, రివ్యూ పెట్టాల్సినవాళ్లు. అర్ధరాత్రి నిద్ర మానుకుని, బుర్రలో ఒక సినిమా ఊహించుకుని కూర్చున్నవాడికి తెర మీద ఇంకో సినిమా కనబడితే వచ్చే మాట కోపంతో వస్తుంది. సాయంత్రం ఫస్ట్ షోకి వెళ్లేవాళ్లు కాఫీ తాగి, పిల్లల్ని తీసుకుని తీరిగ్గా వెళ్తారు.

అందుకే నేను తీర్పుని పక్కనపెట్టి కారణం అడుగుతాను. "బాగోలేదు" అంటే "ఎక్కడ?" అంటాను. "హీరోకి తగ్గ ఎలివేషన్ లేదు" అని జవాబొస్తే అది ఫ్యాన్ బాధ, నాకు సంబంధం లేదు. "ఫ్లాష్‌బ్యాక్ నలభై నిమిషాలు సాగింది, చివర ఎందుకు కొట్టుకుంటున్నారో తెలీలేదు" అంటే అది సినిమా రోగం. శుక్రవారం మధ్యాహ్నానికి మూడు చోట్ల నుంచి ఒకే కారణం వినబడితే సాయంత్రం టికెట్ కొననవసరం లేదు. ఇంటర్వెల్‌లో పెట్టే పోస్టుల్ని అయితే నేను చదవనే చదవను. సగం తిని భోజనం ఎలా ఉందో చెప్పినట్టుంటుంది.

రివ్యూల్లో అందరూ రెండున్నరకీ మూడుకీ మధ్యే ఇస్తారు. దాన్ని ఎలా చదవాలి?

అంకె వదిలేసి మాటలు చదవండి. మన తెలుగు రివ్యూలకి ఒక మర్యాద భాష ఉంది, అలవాటైతే చాలా తెలుస్తుంది.

"నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి" అని మొదటి పేరాలోనే వచ్చిందంటే కథ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. "అభిమానులకు పండగే" అంటే మీరు అభిమాని కాకపోతే మీ పండగ కాదు. "దర్శకుడు ఎంచుకున్న పాయింట్ బాగుంది" అంటే పాయింట్ ఒక్కటే బాగుంది. "ఎడిటర్ ఇంకాస్త కత్తెరకు పని చెప్పాల్సింది" అంటే మీరు ఫోన్ చూసుకునే సమయం కనీసం ఇరవై నిమిషాలు ఉంది. "ఒకసారి చూడొచ్చు" అన్నది మాత్రం మనిషిని బట్టి మారుతుంది. టికెట్ ఉచితంగా వచ్చినవాడు రాస్తే ఒక అర్థం, కొనుక్కున్నవాడు అంటే ఇంకో అర్థం.

నిజంగా నచ్చిన సినిమాకి రాసినవాడు ఒక పాత్ర పేరో, ఒక సీనో పట్టుకుని రెండు మూడు వాక్యాలు ఎక్కువ రాస్తాడు. అలాంటి చోటు కనబడితే ఆగి చదువుతాను.

బుకింగ్ యాప్‌లో పదికి తొమ్మిది ఉంది. అది జనం ఇచ్చిందే కదా?

జనమే, కానీ మొదటి రోజు ఓట్లలో అభిమానులవి ఎక్కువ. నచ్చినవాడు పది కొడతాడు, పడనివాడు ఒకటి కొడతాడు, మామూలుగా చూసొచ్చినవాడు ఓటెయ్యడమే మర్చిపోతాడు. మొదటి రోజు అంకె కంటే వారం తర్వాతి అంకె ఎంత పడిందో చూడటం కొంచెం నయం.

నా టేస్ట్ వేరు. నా లెక్కకి ఎవరి మాట పనికొస్తుంది?

మీకు తెలిసిన ముగ్గురు, నలుగురు మనుషులు. వాళ్లకి మంచి టేస్ట్ ఉండక్కర్లేదు, ఎప్పుడూ ఒకేలా ఉంటే చాలు. మా పిన్నికి ఏడిపించే సినిమా నచ్చదు, నవ్వు తక్కువైతే లేచి వచ్చేస్తుంది. ఆవిడ చివరిదాకా కూర్చుందంటే ఇంట్లో అందరం వెళ్లొచ్చు. మా బావ సంగతి వేరు. ఆయన "సూపర్, లాజిక్ అడక్కు" అన్నవన్నీ నాకు తలనొప్పి తెప్పించాయి. ఇప్పుడు ఆయన సూపర్ అంటే నేను ఓటీటీకి ఆగుతాను, ఆయన "స్లో బావా" అంటే టికెట్ తీస్తాను. పదేళ్లుగా ఆయన మాట ఇలా తిరగేసి వాడుకుంటున్నానని ఆయనకి తెలీదు.

## మొదటి వీకెండ్ తర్వాత

మండే టెస్ట్ అంటే ఏంటి? మామూలు ప్రేక్షకుడు దాన్ని ఎలా చూసుకోవాలి?

శుక్ర, శని, ఆది వారాల్లో హాలు నింపేది హైప్. సోమవారం సెలవు లేదు, ఫ్యాన్స్ చూసేశారు, హాలు నింపాల్సింది విని వచ్చినవాళ్లే. అందుకే సినిమాని కొని ఆడించే బయ్యర్లు సోమవారం కోసం టెన్షన్‌తో ఎదురుచూస్తారు.

మీరు చేయాల్సింది చిన్న పని. సోమవారం సాయంత్రం అయిదింటికి బుకింగ్ యాప్ తెరిచి, మీ ఊళ్లో ఓ మామూలు థియేటర్ ఫస్ట్ షో సీట్లు చూడండి. అందరూ ఎగబడే పెద్ద మల్టీప్లెక్స్ వద్దు, అక్కడ ఏ సినిమాకైనా కొందరు ఉంటారు. వెనక రెండు వరుసలు నిండి మిగతాదంతా ఖాళీగా ఉంటే సినిమా జారిపోతున్నట్టే. మధ్య వరుసల్లో మూడు, నాలుగు సీట్లు కలిపి బుక్ అయినవి అక్కడక్కడా కనబడితే కుటుంబాలు కదిలాయని అర్థం. నా వరకు శుక్రవారం జనంలో సగం సోమవారం కనబడితే ఆ సినిమా నిలబడ్డట్టే లెక్క.

యాప్‌లు లేని రోజుల్లో తెనాలిలో మాకు సైకిల్ స్టాండ్ అబ్బాయే మండే టెస్ట్. టోకెన్ల కట్ట చేతిలో ఎంత మిగిలిందో చూపించేవాడు. "రెండో ఆటకి స్టాండ్ సగం కూడా నిండలేదన్నా, ఊళ్ల నుంచి బళ్లు రాలేదు" అన్నాడంటే ఆ సినిమా గురువారానికి మారిపోయేది. ఇప్పుడు కూడా సింగిల్ స్క్రీన్ దగ్గర కాసేపు నిలబడితే చాలా తెలుస్తుంది. ఆట వదిలాక జనం గేటు దాకా మాట్లాడుకుంటూ వస్తే ఒక రకం, హాల్లోంచే ఫోన్లు తీసి మెసేజ్‌లు చూసుకుంటూ వస్తే ఇంకో రకం.

సంక్రాంతి సినిమాలకి కూడా ఇదే లెక్కా?

పండగప్పుడు సోమవారం మోసం చేస్తుంది. 2024 సంక్రాంతి తీసుకోండి. జనవరి 12 శుక్రవారం 'గుంటూరు కారం', 'హనుమాన్' ఒకేరోజు వచ్చాయి. 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. అంటే ఆ సోమవారమే పండగ! ఊళ్లకి వచ్చినవాళ్లందరూ ఏదో ఒక సినిమాకి వెళ్లే రోజు. ఆ రోజు హాలు నిండిందని చూసి టాక్ బాగుందనుకుంటే తప్పు. అసలు పరీక్ష 17, 18 తేదీల్లో, జనం తిరిగి హైదరాబాద్ బస్సులెక్కాక.

ఆ రెండు సినిమాల తేడా కూడా చెప్పుకోదగ్గది. హైప్ అంతా పెద్ద హీరో సినిమా 'గుంటూరు కారం'దే, హైదరాబాద్‌లో థియేటర్లూ దానికే ఎక్కువ. తేజ సజ్జా 'హనుమాన్'కి తక్కువ దొరికాయని అప్పట్లో పెద్ద గొడవ నడిచింది. వాళ్లు 11వ తేదీ సాయంత్రమే ప్రీమియర్లు వేసుకున్నారు. కుటుంబాలు, పిల్లలు చూసి వచ్చిన మాట రాత్రికల్లా బయటికొచ్చింది. పెద్ద సినిమాకి అర్ధరాత్రి దాటాక ఒంటిగంట షోలు పడి, తెల్లారేసరికి మిక్స్‌డ్ టాక్ వచ్చింది. పండగ రోజుల్లో రెండిటికీ జనం వెళ్లారు. పండగ అయ్యాక మాత్రం షోలు పెరిగింది 'హనుమాన్'కే. ఆ వారం టికెట్ దొరక్క ఆగినవాళ్లకి 18వ తేదీకల్లా జవాబు కళ్లముందే ఉంది.

పోస్టర్ మీద వంద కోట్లు వేశారు. అంటే బాగున్నట్టే కదా?

పోస్టర్ మీద వేసేది గ్రాస్, పైగా వేసినవాళ్లు నిర్మాతలే. పన్నులు, థియేటర్ ఖర్చులు పోగా బయ్యర్‌కి మిగిలే షేర్ అందులో చాలా తక్కువ. అదీకాక మొదటి మూడు రోజుల కలెక్షన్‌లో చాలా భాగం సినిమా చూడకముందు కొన్న టికెట్లది.

చిన్న సినిమాకి కూడా వారం ఆగొచ్చా?

వద్దు, రెండు రోజులు చాలు. పెద్ద సినిమా ఎలా ఉన్నా రెండో వారం దాకా దొరుకుతుంది. చిన్న సినిమాకి శుక్రవారం నాలుగు షోలు ఇస్తే, మౌత్ టాక్ ఊరంతా పాకేలోపే మంగళవారానికి ఒక్క షో మిగులుతుంది, అదీ మధ్యాహ్నం. తర్వాతి శుక్రవారం అదీ ఉండదు. శనివారం ఇద్దరు బాగుందంటే ఆదివారమే వెళ్లిపోండి.

## ఆగుదామని నిర్ణయించుకున్నాక

ఆగేలోపు ఎవరో ఒకరు క్లైమాక్స్ చెప్పేస్తారు. ఏం చెయ్యాలి?

ట్విస్టు మీద ఆధారపడ్డ థ్రిల్లర్ అయితే అసలు ఆగకండి, మొదటి రెండు రోజుల్లో చూసేయండి. మిగతావాటికి చిన్న జాగ్రత్తలు చాలు. X యాప్‌లో `Settings and privacy`, `Privacy and safety`, `Mute and block`, `Muted words` దాకా వెళ్లి సినిమా పేరు, హీరో పేరు, హ్యాష్‌ట్యాగ్ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చేర్చండి. వాట్సాప్ స్టేటస్‌లే అసలు ప్రమాదం. హాల్లో ఫోన్‌తో తీసిన హీరో ఎంట్రీ తెల్లారేసరికి మేనమామ స్టేటస్‌లో ఉంటుంది. ఆ నాలుగు రోజులు స్టేటస్‌ల వైపు వెళ్లకపోవడమే మందు.

ఆగితే మొదటి రోజు ఊపు పోదా?

పోతుంది, ఒప్పుకోవాల్సిందే. కాగితాలు ఎగరేసే జనం మధ్య చూసే మాస్ సినిమా, పదో రోజు ముప్ఫై మంది మధ్య చూసే సినిమా ఒకటి కావు. మీ హీరో సినిమా అయితే టాక్‌తో పనేంటి, వెళ్లండి. నేనూ ఒక హీరోకి ఏ టాకూ వినకుండా పొద్దున ఆటకి వెళ్తాను, ఎవరో చెప్పను. సినిమా పోయినా ఆ రెండున్నర గంటలు వృథా అనిపించదు. అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకెళ్లే టికెట్ల దగ్గరే ఆగుతాను.

ఎలాగూ నెలలో ఓటీటీకి వస్తుంది కదా, అసలు థియేటర్ ఎందుకు?

నెల అన్నది అన్నిటికీ కాదు. 2024 సంక్రాంతికి ఒకేరోజు విడుదలైన రెండిటిలో 'గుంటూరు కారం' ఫిబ్రవరి 9న, అంటే సరిగ్గా నాలుగు వారాలకి ఓటీటీకి వచ్చింది. హాల్లో బాగా ఆడుతున్న 'హనుమాన్' తెలుగులో రావడానికి మార్చి మధ్య దాకా పట్టింది. ఒప్పందం ఎలా రాసుకున్నారన్న దాన్నిబట్టి తేదీ మారుతుంది, ఆడుతున్న సినిమాని త్వరగా ఇచ్చేయడానికి నిర్మాతకి తొందర ఉండదు. రెండో వారంలోనే ఓటీటీ తేదీ గురించి వార్తలు మొదలయ్యాయా లేదా అని నేను చూస్తాను. మొదలైతే ఇంట్లోనే కూర్చుంటాను. ఏ వార్తా లేకపోతే మంగళవారం ఫస్ట్ షోకి పిన్నికి కూడా కలిపి టికెట్లు తీస్తాను.